సొంత టూల్‌ను థ్రెడ్‌తో లాంచ్ చేయడం ఎలా: మొదటి పోస్టు నుంచి నెల తర్వాతి అప్‌డేట్ దాకా

ఒంటరిగా సాఫ్ట్‌వేర్ టూల్ చేసి అమ్ముకునేవాళ్లు ఎక్స్‌లోనో బ్లూస్కైలోనో లాంచ్ థ్రెడ్ వేస్తే సాధారణంగా ఇలా ఉంటుంది. మొదటి పోస్టులో "ఆరు నెలల కష్టం, ఇవాళ మీ ముందుకు" అని ఉంటుంది. తర్వాత ఏడు పోస్టుల్లో కథ నడుస్తుంది. తొమ్మిదోదానిలో లింక్ ఉంటుంది. ఆ తొమ్మిదో పోస్టు దాకా వచ్చేవాళ్లు చాలా తక్కువ. టైమ్‌లైన్‌లో జనానికి కనిపించేది మొదటి పోస్టే. ఎవరైనా రీపోస్ట్ చేసినా దాన్నే చేస్తారు. అందుకని కథను ఆరంభం నుంచి ముగింపుకు నడిపినట్టు థ్రెడ్ రాయకూడదు. మొదటి పోస్టుతోనే పని పూర్తయిపోవాలి, కింద ఉన్నవన్నీ కొనబోయేవాడికి వచ్చే సందేహాలకు వరసగా జవాబులు కావాలి.

ఒక టూల్‌ను పట్టుకుని మొత్తం చేసి చూద్దాం. పాస్‌వర్డ్ ఉన్న బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ను ఎక్సెల్ షీటుగా మార్చే చిన్న డెస్క్‌టాప్ టూల్ అనుకోండి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, ఫైలును ఏ సర్వర్‌కూ పంపదు. కొనేవాళ్లు ఆడిటర్ల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, ఫ్రీలాన్సర్లు, సొంతంగా లెక్కలు చూసుకునే చిన్న వ్యాపారులు.

1. పోస్టు రాయకముందే లింక్ సంగతి చూసుకోండి

ఎక్స్‌లో ఉచిత ఖాతాకు ఎడిట్ సౌకర్యం లేదు. బ్లూస్కైలో ఎవరికీ లేదు. అంటే పోస్టులో పెట్టిన లింక్ తప్పయితే తప్పుగానే ఉండిపోతుంది. పోస్టును డిలీట్ చేసి మళ్లీ వేస్తే దానికి వచ్చిన రీపోస్టులు, వేరేవాళ్లు పంచుకున్న లింకులు అన్నీ పోతాయి. అందుకే డౌన్‌లోడ్ పేజీ అసలు అడ్రసును థ్రెడ్‌లో ఎప్పుడూ పెట్టకండి. మీ సొంత డొమైన్ మీద ఒక పొట్టి దారి పెట్టి, అక్కడి నుంచి మళ్లించండి. సైట్ నెట్లిఫైలోనో క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లోనో ఉంటే `_redirects` అనే ఫైలులో ఇలా రాస్తే చాలు:

```
/x1  /download?utm_source=x&utm_campaign=launch&utm_content=p1      302
/x2  /download?utm_source=x&utm_campaign=launch&utm_content=p2      302
/b1  /download?utm_source=bluesky&utm_campaign=launch&utm_content=p1 302
```

చివర 302 అని స్పష్టంగా రాయడం ముఖ్యం. 301 పెడితే బ్రౌజర్ ఆ మళ్లింపును శాశ్వతమని గుర్తుపెట్టుకుంటుంది. రేపు మీరు గమ్యం మార్చినా, ఒకసారి నొక్కినవాళ్లు పాత పేజీకే వెళ్తుంటారు. నెట్లిఫైలో సంఖ్య రాయకుండా వదిలేస్తే అది 301గానే తీసుకుంటుంది.

ఈ పద్ధతితో రెండో లాభం లెక్క. ఎక్స్ యాప్, బ్లూస్కై యాప్ నుంచి వచ్చే చాలా క్లిక్కులు ఎక్కడి నుంచి వచ్చాయో బ్రౌజర్ చెప్పదు, "డైరెక్ట్" ఖాతాలో పడిపోతాయి. పోస్టుకో దారి ఉంటే ఏ పోస్టు పనిచేసిందో మీ సైట్ ట్రాఫిక్ లెక్కల్లోనే తెలిసిపోతుంది.

పేజీ తలభాగంలో లింక్ కార్డుకు కావలసిన ట్యాగులు కూడా ఇప్పుడే పెట్టండి:

```
<meta property="og:title" content="...">
<meta property="og:description" content="...">
<meta property="og:image" content="https://.../card.png">
<meta name="twitter:card" content="summary_large_image">
```

బొమ్మ 1200×630 పిక్సెళ్లలో ఉంటే రెండు చోట్లా సరిపోతుంది. బ్లూస్కైతో ఒక చిక్కుంది. కార్డు మీరు పోస్టు రాస్తున్న క్షణంలోనే తయారై ఆ పోస్టులో భాగమైపోతుంది. తర్వాత సైట్‌లో బొమ్మ మార్చినా పోస్టులోని కార్డు మారదు. కాబట్టి లాంచ్‌కు ముందు ఒక పరీక్ష ఖాతా నుంచి లింక్ వేసి కార్డు ఎలా వస్తుందో కళ్లారా చూసుకోండి. వీడియో పెట్టాలంటే బ్లూస్కైలో ఈమెయిల్ వెరిఫై అయి ఉండాలి. చిన్న విషయమే కానీ, లాంచ్ నిమిషాన తెలిస్తే అనవసరమైన టెన్షన్.

2. వీడియో: చప్పుడు లేకుండా అర్థం కావాలి

ఇలాంటి టూల్‌కు మొదటి పోస్టులో ఫొటో కంటే స్క్రీన్ రికార్డింగ్ మేలు. ఎక్స్ ఉచిత ఖాతాకు 2 నిమిషాల 20 సెకన్ల దాకా అనుమతి ఉంది. అంతా వాడుకోవాల్సిన పని లేదు, 40 సెకన్లు దాటితే ఎందుకు దాటిందో మిమ్మల్ని మీరే అడగండి. టైమ్‌లైన్‌లో వీడియో చప్పుడు లేకుండానే మొదలవుతుంది కాబట్టి మాటలతో వివరించే వీడియో ఇక్కడ పనికిరాదు. చెప్పాల్సింది తెరమీద అక్షరాల్లోనే ఉండాలి.

చూసేది ఫోన్‌లో. మీ ల్యాప్‌టాప్ తెర మొత్తం రికార్డు చేస్తే ఫోన్‌లో అంకెలు చీమల్లా కనిపిస్తాయి. టూల్ విండోను చిన్నది చేసి, అక్షరాలు పెద్దవి చేసి, ఆ విండో మేరకే చతురస్రంగా రికార్డు చేయండి.

మన ఉదాహరణలో వీడియో ఇలా నడుస్తుంది. మొదటి సెకనులోనే పీడీఎఫ్ విండో మీదికి లాగి వదలడం కనిపిస్తుంది. లోగో, టైటిల్ ఏవీ ముందు రావు. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడతారు. వరసలు షీటులోకి దిగుతాయి. చివర్లో కెమెరా ఒక మూలకు దగ్గరగా వెళ్తుంది. అక్కడ ఓపెనింగ్ బ్యాలెన్స్ ₹12,450, క్రెడిట్లు ₹68,000, డెబిట్లు ₹51,230, లెక్క ప్రకారం రావాల్సింది ₹29,220, స్టేట్‌మెంట్‌లో ఉన్నది ₹29,220, పక్కన ఆకుపచ్చ టిక్కు. ఆ టిక్కు మీద రెండు సెకన్లు ఆగండి. లెక్కలు చూసేవాళ్లకు ఆ ఒక్క దృశ్యం చాలు. పీడీఎఫ్ నుంచి వరసలు లాగే టూల్స్ చాలా ఉన్నాయి. ఒక వరస జారిపోయిందా లేదా అన్నదే వాళ్ల అసలు భయం.

వీడియోలో మీ అసలు స్టేట్‌మెంట్ వాడకండి. ఖాతా నంబరు మసక చేశాం కదా అనుకుంటారు, యూపీఐ లావాదేవీల వివరాల్లో ఎదుటివాళ్ల పేర్లు, ఐడీలు ఉంటాయి. అన్నీ కల్పించిన పేర్లతో ఒక నకిలీ స్టేట్‌మెంట్ తయారుచేసుకోండి. అది తర్వాత సైట్‌లో నమూనా ఫైలుగా కూడా పనికొస్తుంది.

3. మొదటి పోస్టు

ముందు అక్షరాల లెక్క. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు 280. తెలుగులో కంటికి కనిపించే అక్షరాన్ని కాదు, దాని లోపలి ముక్కలను ఎక్స్ లెక్కపెడుతుంది. హల్లు ఒకటి, గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తులో దాగిన పొల్లు ఇంకొకటి. "స్టేట్‌మెంట్" అని రాస్తే మధ్యలో ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తుతో కలిపి 12 అవుతుంది. ఎమోజీకి 2, లింక్ ఎంత పొట్టిదైనా పొడవైనా 23. బ్లూస్కై పరిమితి 300, కానీ అది కనిపించే అక్షరాలనే లెక్కపెడుతుంది కాబట్టి తెలుగుకు అక్కడ చాలా చోటు దొరుకుతుంది. అయితే మొత్తం 3000 బైట్లు దాటకూడదనే రెండో నిబంధన ఉంది, తెలుగు ముక్క ఒక్కొక్కటి మూడు బైట్లు. మామూలు పోస్టు దాన్ని తాకదు. మాస్టడాన్‌లో సాధారణంగా 500. మూడు చోట్లా వేయాలనుకుంటే ఎక్స్ కొలతకు రాయండి, మిగతా చోట్ల అదే సరిపోతుంది.

ఇక పోస్టు:

> పాస్‌వర్డ్ ఉన్న బ్యాంక్ పీడీఎఫ్ స్టేట్‌మెంట్‌ను నేరుగా ఎక్సెల్ షీటుగా మార్చే టూల్ చేశాను. ఫైల్ మీ కంప్యూటర్ దాటి బయటకు వెళ్లదు. చివరి బ్యాలెన్స్ కలిసిందో లేదో అదే చెబుతుంది. విండోస్, మ్యాక్‌లకు ఈరోజే విడుదల.

ఇది 27 మాటలు, ఎక్స్ లెక్కలో 200 దాటింది. పొట్టి పోస్టులాగే కనిపిస్తుంది కానీ మిగిలింది 70 చిల్లర చోటే. అందుకే "ఎట్టకేలకు", "చాలా సంతోషంగా ఉంది", "మీ ఆశీస్సులు కావాలి" లాంటివాటికి ఇక్కడ స్థానం లేదు.

ఇందులో ప్రతి వాక్యం ఒక ప్రశ్నకు జవాబు. ఏం చేస్తుంది? నా డేటా ఏమవుతుంది? నమ్మొచ్చా? నా కంప్యూటర్‌లో నడుస్తుందా? మీ టూల్‌కు ప్రశ్నలు వేరుగా ఉంటాయి, కానీ నాలుగు దాటనివ్వకండి. "1/7" లాంటి నంబర్లు నేనైతే పెట్టను. ఇంకా ఆరు చదవాలన్న మాటే చాలామందిని పక్కకు నెట్టేస్తుంది, పైగా రేపు ఎనిమిదోది కలిపితే లెక్క తప్పుతుంది.

రెండో వాక్యాన్ని ఎంత జాగ్రత్తగా రాశామో గమనించండి. "ఇంటర్నెట్ వాడదు" అనలేదు, "ఫైల్ బయటకు వెళ్లదు" అన్నాం. టూల్ లైసెన్స్ సరిచూడ్డానికో కొత్త వెర్షన్ ఉందేమో అడగడానికో నెట్‌కు వెళ్తే, ఎవరో ఒకరు ఫైర్‌వాల్‌లో పట్టుకుని స్క్రీన్‌షాట్ రిప్లైగా పెడతారు. అప్పుడు మీరు చెప్పిన నిజాలు కూడా అనుమానంలో పడతాయి. నెట్‌కు ఎప్పుడు, ఎందుకు వెళ్తుందో కింద ఒక పోస్టులో మీరే ముందు చెప్పేయండి.

లింక్ మొదటి పోస్టులో పెట్టాలా అన్నది ఎప్పుడూ నడిచే గొడవ. బయటి లింకులున్న పోస్టులకు ఎక్స్‌లో ఆదరణ తగ్గుతుందని వాడేవాళ్లు చాన్నాళ్లుగా అంటున్నారు. 2024 నవంబరులో ఎలాన్ మస్క్ కూడా వివరణ ప్రధాన పోస్టులో రాసి లింక్ రిప్లైలో పెట్టమని చెప్పాడు. అక్కడి పద్ధతులు తరచూ మారుతుంటాయి కాబట్టి ఎక్స్‌లో వీడియో మొదటిదానిలో, లింక్ రెండోదానిలో పెట్టడం భద్రమైన దారి. బ్లూస్కైలో ఆ బాధ లేదు. అయితే ఒక పోస్టుకు వీడియోనో లింక్ కార్డో ఒకటే అంటుకుంటుంది. అక్కడ మొదటి పోస్టులో వీడియోతో పాటు లింక్‌ను మాటల్లోనే రాసి, కార్డును రెండో పోస్టుకు ఉంచండి.

4. కింది పోస్టులు: సందేహం వచ్చే వరసలో

రెండో పోస్టులో లింక్, ధర, ఉచితంగా ఎంతవరకు చూడొచ్చో ఉండాలి. ధర చెప్పకుండా "వివరాలకు సైట్ చూడండి" అంటే సగం మంది అక్కడే ఆగుతారు, మిగతా సగం రిప్లైలో ధరే అడుగుతారు. "మూడు స్టేట్‌మెంట్లు ఉచితం. తర్వాత ఒకేసారి ₹1,499, నెలనెలా కట్టేది లేదు. యూపీఐ తీసుకుంటాం." ఇంతే.

మూడోది బ్యాలెన్స్ సరిచూసే తీరు, ఒక స్క్రీన్‌షాట్‌తో. అయితే టిక్కు పడింది కాదు, లెక్క కలవనిది చూపించండి. ఎర్ర గుర్తు, ₹500 తేడా, ఏ వరస దగ్గర తేడా మొదలైందో పసుపు రంగులో. తప్పు వచ్చినప్పుడు టూల్ దాచకుండా చెబుతుందని తెలియడమే కొనేవాడికి ధైర్యం. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ రాయండి. చూపులేనివాళ్లకు అది తప్పనిసరి, బొమ్మ సరిగా తెరుచుకోని ఫోన్లలోనూ పనికొస్తుంది.

నాలుగోది చేయలేనివి. ఈ పోస్టును చాలామంది ఎగ్గొడతారు, నా ఉద్దేశంలో రెండోదాని తర్వాత డబ్బు తెచ్చేది ఇదే. డబ్బు వెనక్కి అడిగేవాళ్లను ముందే తగ్గిస్తుంది.

> ఇది చేయలేనివి: స్కాన్ చేసిన, ఫొటో తీసిన స్టేట్‌మెంట్లు చదవదు. పాస్‌బుక్ పేజీలు చదవదు. పాస్‌వర్డ్ తెలియకపోతే తెరవదు. నేను పరీక్షించిన బ్యాంకుల జాబితా సైట్‌లో ఉంది, మీ బ్యాంకు లేకపోతే ముందు ఉచితంగా చూసి అప్పుడే కొనండి.

ఐదోది ఇన్‌స్టాల్ దగ్గర వచ్చే హెచ్చరిక. లాంచ్ రోజున మొదటి రిప్లై సాధారణంగా ఇదే అవుతుంది: "వైరస్ అంటోంది." సంతకం లేని ఫైలును విండోస్ స్మార్ట్‌స్క్రీన్ నీలం తెరతో ఆపుతుంది. "More info" నొక్కితేగానీ "Run anyway" కనిపించదు. సంతకం చేసినా, కొత్త ఫైలుకు తగినంత మంది దింపుకునేదాకా ఆ తెర రావచ్చు. మ్యాక్‌లో యాపిల్ నోటరైజేషన్ లేని యాప్ తెరుచుకోదు. మ్యాక్ఓఎస్ సెక్వోయా నుంచి కంట్రోల్ నొక్కి తెరిచే పాత చిట్కా కూడా పోయింది, సెట్టింగ్స్‌లోని "Privacy & Security" లోకి వెళ్లి "Open Anyway" నొక్కాలి. డబ్బు లెక్కలు చూసే టూల్‌కు ఈ దారి చూపించడం ఇబ్బందికరమే. కుదిరితే ఏడాదికి 99 డాలర్లు కట్టి యాపిల్ డెవలపర్ ఖాతా తీసుకుని నోటరైజ్ చేయించండి. విండోస్ వైపు హెచ్చరిక ఎలా ఉంటుందో బొమ్మతో ఈ పోస్టులో ముందే చూపించండి. ముందే చెప్పిన హెచ్చరిక ఎవరినీ భయపెట్టదు.

చివరి పోస్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టూల్ పనిచేయకపోతే జనం ఏం చేస్తారు? స్క్రీన్‌షాట్ తీసి రిప్లైలో పెడతారు. ఇక్కడ స్క్రీన్‌షాట్ అంటే వాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్. ఆడిటర్ ఆఫీసులో పనిచేసే కుర్రాడైతే వాళ్ల క్లయింటు స్టేట్‌మెంట్. మీ థ్రెడ్ కింద ఎవరిదో జీతం, ఎవరిదో ఈఎంఐ పబ్లిక్‌గా వేలాడుతుంటాయి. మంచి టూల్‌కైనా ఆ దృశ్యం చాలు పరువు తీయడానికి. అందుకని టూల్‌లోనే ఒక బటన్ పెట్టండి. అది స్టేట్‌మెంట్ ఆకారాన్ని మాత్రం ఉంచి, ప్రతి అంకెనూ 9గా, ప్రతి అక్షరాన్నీ x గా మార్చిన ఫైలు ఇస్తుంది:

```
99/99/9999  xxx/xxxxxxx/xxxxx     9,999.99 xx    99,999.99 xx
```

ఏ కాలమ్ ఎక్కడ మొదలైంది, తేదీ ఎలా రాశారు, మొత్తం పక్కన ఏమైనా అక్షరాలున్నాయా అన్నవి మీకు తెలిస్తే చాలు, లోపం దొరుకుతుంది. చివరి పోస్టులో "స్టేట్‌మెంట్ ఇక్కడ పెట్టకండి, టూల్‌లో మాస్క్ చేసిన కాపీ తీసి ఈ ఈమెయిల్‌కు పంపండి" అని రాయండి. అయినా ఎవరైనా పెడితే, ముందు ఆ రిప్లైను హైడ్ చేయండి, తర్వాత ఆ మనిషికి మెసేజ్ పంపి డిలీట్ చేయమని అడగండి. హైడ్ చేసినంత మాత్రాన ఎక్స్‌లో అది కనిపించకుండా పోదు, వెతికి తెరిచేవాళ్లకు దొరుకుతుంది.

నెట్‌కు ఎప్పుడు వెళ్తుందో చెప్పే వాక్యాన్ని నాలుగో పోస్టుకు అతికించవచ్చు, లేదంటే విడిగా వేయొచ్చు. మొత్తం ఆరో ఏడో పోస్టులు. అన్నీ ముందే ఒక ఫైలులో రాసుకుని, కంపోజర్‌లో ప్లస్ గుర్తుతో ఒక్కొక్కటీ చేర్చి, అన్నీ ఒకేసారి వదలండి. ఒక్కొక్కటిగా వేస్తూ పోతే మధ్యలో ఎవరో రిప్లై ఇస్తారు, మీరు పొరపాటున దానికింద తర్వాతి పోస్టు వేస్తారు, థ్రెడ్ రెండుగా చీలుతుంది.

5. ఎప్పుడు వేయాలి

"మంగళవారం ఉదయం తొమ్మిదింటికి" లాంటి సూత్రాలు పక్కన పెట్టండి. మీ కొనుగోలుదారుడి క్యాలెండర్ చూడండి. నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీ గడువు 20వ తేదీ. ఆ తేదీలకు రెండు మూడు రోజుల ముందు ఆడిటర్ ఆఫీసులో ఎవరూ కొత్త టూల్ వేసి చూడరు. 20 దాటాక, 21 నుంచి 25 మధ్య ఏదో ఒక పనిదినం మంచిది. ఇప్పుడే ఎంట్రీలు కొట్టి అలసిపోయి ఉంటారు, కాస్త తీరిక కూడా ఉంటుంది.

కొనేవాళ్లు అమెరికాలో ఉంటే లెక్క వేరు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ప్రొడక్ట్ హంట్‌లో కూడా అదే రోజు పెడుతుంటే అక్కడి రోజు పసిఫిక్ సమయం అర్ధరాత్రి 12:01కి మొదలవుతుంది, మనకు మధ్యాహ్నం 12:31 లేదా 1:31. ఏ సమయమైనా, తర్వాతి నాలుగు గంటలు మీరు కంప్యూటర్ ముందు ఉండగలిగేదే ఎంచుకోండి. రిప్లైలకు జవాబు లేని లాంచ్ థ్రెడ్ మూసేసిన కొట్టులా ఉంటుంది.

వేయగానే మొదటి పోస్టును ప్రొఫైల్‌కు పిన్ చేయండి. వేరే ఫోన్ నుంచి, లాగిన్ కాకుండా, లింక్ నొక్కి డౌన్‌లోడ్ దాకా వెళ్లి చూడండి. చిన్న అచ్చుతప్పు కనబడితే వదిలేయండి. ధరలో తప్పుంటే ఆ పోస్టు కిందే వెంటనే దిద్దుబాటు వేసి, సైట్‌లో సరైన ధర ఉందో లేదో చూసుకోండి. మొదటి పోస్టులోనే అబద్ధంగా మారిన మాట ఏదైనా ఉంటే, అది కూడా మొదటి పావుగంటలో కనబడితే మాత్రమే డిలీట్ చేసి మళ్లీ వేయడం సబబు.

6. లాంచ్ తర్వాత: ఏది థ్రెడ్ కింద, ఏది కొత్త పోస్టుగా

అప్‌డేట్లు అన్నీ థ్రెడ్ తోకకు అతికిస్తూ పోతే పాతికో పోస్టు ఎవరి కంటా పడదు. అన్నీ కొత్త పోస్టులుగా వేస్తే ముందు సంగతి తెలియనివాళ్లకు అర్థం కాదు. లోపం సరిచేసిన వార్త ఇప్పటికే వాడుతున్నవాళ్లకు కాబట్టి అది థ్రెడ్ కిందకు వెళ్లాలి. కొత్త సౌకర్యం ఇంకా కొననివాళ్లకు కాబట్టి అది కొత్త పోస్టుగా, సొంత వీడియోతో, మొదటి పోస్టును కోట్ చేస్తూ రావాలి.

మన టూల్‌లో జరగగల ఒక లోపం తీసుకుందాం. కొన్ని స్టేట్‌మెంట్లలో డెబిట్‌కు ఒక కాలమ్, క్రెడిట్‌కు ఒక కాలమ్ ఉండవు. ఒకే మొత్తం, దాని పక్కన "Dr" లేదా "Cr" అని ఉంటుంది. టూల్ ఆ అక్షరాలను వదిలేసి అన్నింటినీ డెబిట్‌గా తీసుకుంటే బ్యాలెన్స్ కలవదు, ఎర్ర గుర్తు పడుతుంది. లాంచ్ రోజు సాయంత్రం ముగ్గురు ఇదే చెప్పారనుకోండి. మొదట ఆ ముగ్గురికీ వాళ్ల రిప్లై కిందే జవాబివ్వండి: కారణం దొరికింది, రేపు సాయంత్రానికి సరిచేస్తాను. గంట చెప్పకండి, గంట తప్పుతుంది. సరిచేశాక థ్రెడ్ కింద ఇలా:

> 1.0.1: మొత్తం పక్కన డీఆర్, సీఆర్ అని ఉండే స్టేట్‌మెంట్లు ఇప్పుడు సరిగ్గా విడిపోతాయి. నిన్న ఎర్ర గుర్తు వచ్చినవాళ్లు అదే ఫైలు మళ్లీ వేసి చూడండి. ఆకుపచ్చ టిక్కు వచ్చిన పాత షీట్లకు ఏ మార్పూ లేదు.

వెర్షన్ నంబరు ముందు, ఏం మారిందో తర్వాత, వాడేవాడు ఏం చేయాలో ఆపైన. చివరి వాక్యం మరీ ముఖ్యం. లెక్కల టూల్‌లో "సరిచేశాం" అన్న మాట వినగానే, నిన్న చేసిన పాత పని అంతా తప్పా అని గుండె జారుతుంది. ఎవరికి వర్తించదో చెబితే ఆ భయం పోతుంది.

రిప్లై ఇచ్చిన ముగ్గురికీ కొత్త వెర్షన్ వచ్చిందని విడిగా చెప్పండి. థ్రెడ్ కింద వేశాం కదా వాళ్లే చూసుకుంటారనుకోవద్దు, చూడరు.

ఉత్సాహం కొద్దీ రోజుకో వెర్షన్ వదలకండి. సంతకం లేని విండోస్ ఫైలైతే ప్రతి కొత్త బిల్డ్‌కూ స్మార్ట్‌స్క్రీన్ మళ్లీ మొదటి నుంచి అనుమానిస్తుంది, నిన్న ఇన్‌స్టాల్ చేసినవాడికి ఇవాళ మళ్లీ నీలం తెర. లెక్క తప్పించే లోపమైతే వెంటనే వదలండి, మిగతావి వారానికోసారి కలిపి వదలండి. థ్రెడ్‌కు కూడా అదే మంచిది.

సైట్‌లో మార్పుల పేజీ ఒకటి పెట్టి, ప్రతి అప్‌డేట్ చివర దాని లింక్ ఇవ్వండి. థ్రెడ్‌ను దిద్దలేం, ఆ పేజీని దిద్దగలం.

7. అంకెలు ఏం చెబుతున్నాయి

వ్యూస్ ఎన్నొచ్చాయన్నది చూసి సంబరపడటానికే. పనికొచ్చేది ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు ఎంతమంది మిగిలారన్నది. పోస్టు చూసినవాళ్లు, మీ `/x1`, `/x2` నొక్కినవాళ్లు, ఫైలు దింపుకున్నవాళ్లు, కొన్నవాళ్లు. మొదటి అంకె ఎక్స్‌లో పోస్టు కిందే కనిపిస్తుంది, మిగతా మూడూ మీ సైట్ ట్రాఫిక్ లెక్కల్లోనూ పేమెంట్ గేట్‌వేలోనూ ఉంటాయి. వేరే ట్రాకింగ్ అక్కర్లేదు, ప్రైవసీ పేరు చెప్పి అమ్మే టూల్‌లో పెట్టకపోవడమే మర్యాద.

చాలామంది చూసి ఎవరూ నొక్కకపోతే లోపం మొదటి పోస్టులో ఉంది. వీడియో బాగుందనిపించింది కానీ అది తమ కోసమని ఎవరికీ అనిపించలేదు. నొక్కి దింపుకోకపోతే పేజీ చూడండి. ఫోన్‌లో నొక్కినవాళ్లకు డెస్క్‌టాప్ టూల్ ఎలా దింపుకోవాలో తెలియదు, ఇది చాలామంది మరిచిపోయే కారణం. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఫోన్ నుంచే వస్తారు కాబట్టి పేజీలో "లింక్ నా ఈమెయిల్‌కు పంపు" అనే పెట్టె ఒకటి ఉండాలి. దింపుకుని కొనకపోతే రెండు కారణాలు చూడాలి: ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోయారా, లేక వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ కలవలేదా. మాస్క్ చేసిన ఫైళ్లు ఈమెయిల్‌కు వస్తుంటే రెండోది. ఏమీ రాకుండా నిశ్శబ్దంగా ఉంటే మొదటిదాన్నే అనుమానించండి, ఐదో పోస్టును ఇంకాస్త పైకి, రెండోదాని కిందకు తేవాల్సి ఉండేదేమో ఆలోచించండి.

వారం తర్వాత అంకెలు బయటపెట్టే అలవాటు మనవాళ్లలో బాగానే ఉంది. అది తోటి టూల్ తయారీదారులను ఆకర్షిస్తుంది. ఆడిటర్ ఆఫీసు వాళ్లకు మీ ఆదాయంతో పనిలేదు. కొనేవాళ్లు తోటి డెవలపర్లే అయితే పెట్టండి, లేకపోతే ఆ పోస్టు బదులు "ఈ వారం కొత్తగా సరిపోతున్న బ్యాంకులు" అని జాబితా వేయండి. తమ బ్యాంకు పేరు కనిపించినవాడు లింక్ నొక్కుతాడు.

ఈ థ్రెడ్‌కు అప్‌డేట్లు చేర్చడం ఆపాల్సిన సమయం 1.1 వచ్చినప్పుడు, అంటే థ్రెడ్‌లో చెప్పిన మాటల్లో ఏదో ఒకటి పాతబడినప్పుడు. స్కాన్ చేసిన స్టేట్‌మెంట్లు కూడా చదవడం మొదలైతే నాలుగో పోస్టు ఇక తప్పు. అప్పుడు పాత థ్రెడ్ చివర "ఇక్కడితో 1.0 అయిపోయింది, 1.1 సంగతులు ఇక్కడ" అని కొత్త థ్రెడ్ లింక్ పెట్టి, పాతదాని పిన్ తీసి కొత్తదానికి పెట్టండి. `/x1`, `/x2` దారులను మాత్రం తీసేయకండి. పాత పోస్టును ఎవరో నెలల తర్వాత రీపోస్ట్ చేస్తారు, వాళ్లు కూడా కొత్త డౌన్‌లోడ్ పేజీకే చేరాలి.